పద్నాలుగో పట్టికలో రేవు వాడ వరుస

ఆ మెయిలు సోమవారం ఉదయం వచ్చింది. మా రికార్డుల ఆఫీసుకు వచ్చే మెయిళ్ళు ముందు చూసేది నేనే. పదకొండేళ్ళుగా స్కానింగు పని నాదే, ఉత్తరాల పని కూడా నాదే. మనుషులు తక్కువ, పుస్తకాలు ఎక్కువ ఉన్న ఆఫీసు మాది.

రాసినావిడ ఒక పరిశోధకురాలు. నూరేళ్ళ కిందటి ఆరోగ్య శాఖ నివేదిక ఒకటి మా వెబ్‌సైటులో ఉంది. అందులో పద్నాలుగో పట్టిక గురించి ఆవిడ అడిగింది. ఒక్కో వాడలో, ఒక్కో నెలలో, జ్వరంతో ఎంతమంది చనిపోయారో చెప్పే పట్టిక అది.

"మీరు పెట్టిన బొమ్మను పెద్దది చేస్తే అంకెలు అలుక్కుపోతున్నాయి. మూడు ఏదో, ఎనిమిది ఏదో తెలియడం లేదు. ముఖ్యంగా రేవు వాడ వరుసలో ఏడో నెల అంకె నాకు చాలా అవసరం. కూడి చూసుకుందామంటే మొత్తాల గడి పుస్తకం కుట్టు వైపు నీడలో పడిపోయింది. దయచేసి ఈ పేజీని ఇంకా ఎక్కువ స్పష్టతతో, అంచులతో సహా, మళ్ళీ స్కాన్ చేసి పంపగలరా? మొదట చేసిన పెద్ద ఫైలు మీ దగ్గర ఉంటే అదైనా చాలు. మీకు శ్రమ ఇస్తున్నందుకు క్షమించండి."

చాలా మర్యాదగా రాసింది. కానీ ఆ పేజీ స్కాన్ చేసింది నేను. తొమ్మిదేళ్ళ కిందట రోజుకు నాలుగు వందల పేజీలు చెయ్యాలని లక్ష్యం పెట్టారు. లావు పుస్తకాన్ని బోర్లా తిప్పి అద్దం మీద పెట్టి, వెన్ను మీద అరచేత్తో నొక్కి, అద్దం కింద లైటు దాటగానే తిప్పి, మళ్ళీ నొక్కేదాన్ని. కుట్టు దగ్గర పేజీ అద్దానికి ఆనదు. అక్కడ నీడ పడుతుంది. అది తెలిసీ చేశాను. అప్పుడు డిస్కుల్లో చోటు లేదని పెద్ద ఫైళ్ళు ఉంచుకోలేదు. కుదించిన చిన్న ఫైళ్ళు మాత్రమే మిగిలాయి.

మామూలు రోజుల్లో అయితే ఇందులో ఏమీ లేదు. పుస్తకం కోసం చీటీ రాసి బీరువా బాబాయికి ఇస్తే ఆయన తెచ్చి ఇస్తాడు. మళ్ళీ తీసి పంపేస్తాం. కానీ అది మామూలు వారం కాదు.

కొత్త కెమెరా గది తయారైంది. పుస్తకాన్ని బోర్లా తిప్పక్కర్లేదు. తెరిచిన పుస్తకం వెల్లకిలా పడుకోవడానికి లోయలాంటి ఊయల ఉంటుంది, పైనుంచి కెమెరా చూస్తుంది, రెండు వైపులా దీపాలు ఉంటాయి. ఆ గదికి ఒక బాధ్యురాలిని పెట్టాలి. శుక్రవారం సారు ఒక పేరు పైకి పంపుతారు. నా పేరా, కెమెరా అమ్మాయి పేరా అన్నదే మా ఆఫీసులో ఆ వారం మాట.

కెమెరా అమ్మాయి వచ్చి ఎనిమిది నెలలు. ఎక్కడో చదువుకుని వచ్చింది. ఆ గది తాళంచెవి, కెమెరా లాగిన్ రెండూ ఆ పిల్ల దగ్గరే ఉన్నాయి, ఎందుకంటే బిగించడానికి వచ్చినవాళ్ళు నేర్పింది తనకే. ఆ రోజు నేను మా పాపకు జ్వరమని సెలవులో ఉన్నాను. ఒక్కరోజు సెలవు పెట్టినందుకు పదకొండేళ్ళు వెనక్కి పోతాయని నాకేం తెలుసు?

సారు ఇదివరకు తలుపు దగ్గర నిలబడి "ఏవమ్మా, ఒకసారి" అంటే నేనే లేచేదాన్ని. ఇప్పుడూ అలాగే అంటారు. నేను లేచేలోపే ఆ పిల్ల వెళ్ళి నిలబడి ఉంటుంది. నేను కుర్చీ సర్దుకున్నట్టు నటించి మళ్ళీ కూర్చుంటాను.

ఇంట్లో చెప్తే మా అత్తగారు నవ్వారు. "ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడని ఊరికే అన్నారా?"

"మీరు ఎవరి వైపు అత్తయ్యా?"

"నీ వైపే. అందుకేగా నిన్ను చెవులన్నాను. చెవులు మంచివే. వింటాయి."

మా ఆయన పేపరు చాటునుంచి "కొమ్ములున్న జంతువుతో జాగ్రత్త" అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అందుకే ఆ మెయిలు చూడగానే నాకు ఒకటే ఆలోచన వచ్చింది. పుస్తకం తెప్పిస్తే అది కెమెరా గదికి వెళ్తుంది. కెమెరా అమ్మాయి తీస్తుంది. తీసిన బొమ్మను సారుకు చూపిస్తారు. పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన. నాది అలుక్కుపోయింది, దానిది అద్దంలా ఉంటుంది. అదీ శుక్రవారానికి నాలుగు రోజుల ముందు.

చీటీ రాయలేదు.

పాత ఫైలు తెరిచాను. అంగుళానికి నూట యాభై చుక్కలున్న బొమ్మ అది. బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకె తీసేసి ఆరు వందలు అని కొట్టాను. ఫైలు బరువు పెరిగింది. అలా చేస్తే కొత్త చుక్కలు పుస్తకంలోంచి రావు, ఉన్న చుక్కల మధ్య ఖాళీలను కంప్యూటరే ఊహించి నింపుతుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఆఫీసులో కొత్తవాళ్ళకు నేనే చెప్తాను. అయినా చేశాను. తర్వాత అక్షరాలకు పదును పెట్టాను. నలుపు పెంచాను. మసకగా ఉన్న అంకెలు ఒక్కసారి నల్లగా, గట్టిగా నిలబడ్డాయి. రేవు వాడ, ఏడో నెల: ఎనభై ఎనిమిది. ఎవరు చూసినా ఎనభై ఎనిమిదే.

చూస్తుంటే నాకే ముచ్చటేసింది. పంపేశాను. మొత్తాల గడి మాత్రం పూర్తిగా నల్లబడిపోయింది. "బిగువైన కుట్టు వల్ల ఆ భాగం రాలేదు" అని రాశాను.

మంగళవారం జవాబు వచ్చింది, సారుకు కూడా ఒక కాపీ. సారు బయటికొచ్చి అందరూ వినేలా చదివారు.

"ఇంత త్వరగా, ఇంత స్పష్టంగా పంపుతారని అనుకోలేదు. రేవు వాడ అంకె ఇప్పుడు నిస్సందేహంగా తెలుస్తోంది. ఈ స్కాన్ చేసినవారికి నా ధన్యవాదాలు ప్రత్యేకంగా చెప్పండి."

సారు నా వైపు చూసి తల ఊపారు. "చూశారా? పాత మిషను మీద చేసినా పని తెలిసినవాళ్ళు చేస్తే ఇలా ఉంటుంది."

ఆ మాట కోసం నేను ఎనిమిది నెలలుగా ఎదురుచూస్తున్నాను. ఓరకంట కెమెరా అమ్మాయిని చూశాను. దాని మొహం చిన్నబోతే చూడాలని ఉంది. అది చప్పట్లు కొడుతోంది!

సారుకు ఫోను వచ్చి లోపలికి వెళ్ళిపోయారు. అప్పుడు బీరువా బాబాయి తలుపు దగ్గరనుంచి గొణిగాడు. పుస్తకాల గదికి ఆయనే కాపలా. అరలోంచి ఏ పుస్తకం తీసినా దాని చోట ఒక అట్టముక్క పెట్టి, చీటీ నంబరు రాస్తాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క పుస్తకం కూడా ఆయన చేతినుంచి తప్పిపోలేదు.

"ఏ పుస్తకం అమ్మాయ్ అది? ఆరోగ్య శాఖదా? నేను తియ్యలేదే. నాకు చీటీ రాలేదే."

"పాత పెద్ద ఫైలు దొరికింది బాబాయ్. పుస్తకం అక్కర్లేకపోయింది."

"ఓహో. నా మోకాళ్ళు బతికిపోయాయి. పైఅర అది, నిచ్చెనెక్కాలి." ఆయన వెళ్ళిపోయాడు.

కెమెరా అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది. "అక్కా, ఆ ఏడాది పెద్ద ఫైళ్ళు ఉన్నాయా? లేవని మీరే చెప్పారు కదా."

"ఒకటీ అరా ఉన్నాయి."

"ఎక్కడున్నాయో ఒకసారి చూపిస్తారా? నేను కూడా తెలుసుకుంటాను."

"ఇప్పుడు తీరిక లేదు. తర్వాత చూద్దాం."

"సరే అక్కా."

అంతే. తన చోటికి వెళ్ళి కూర్చుంది. కంప్యూటరులో ఏదో బొమ్మ తెరిచింది, పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. నా చోటినుంచి తెర సగమే కనిపిస్తుంది. నల్లటి గీతలు కనిపించాయి. నేను తేలు కుట్టిన దొంగలా కదలకుండా కూర్చున్నాను. సారు దగ్గరికి వెళ్తుందేమో అనుకున్నాను. వెళ్ళలేదు. సాయంత్రం "వస్తానక్కా" అని రోజూ లాగే చెప్పి ఇంటికి వెళ్ళింది.

ఇంటికొచ్చి వంటింట్లో గిన్నెలు ఠంగుఠంగుమని పెడుతుంటే అత్తగారు వచ్చి నిలబడ్డారు.

"మెచ్చుకున్నారన్నావుగా. మెచ్చుకుంటే గిన్నెలు పగలగొడతారా?"

"అది చప్పట్లు కొట్టింది అత్తయ్యా."

"ఎవరు, కొమ్ములా?"

"ఆ."

"చప్పట్లు కొట్టకపోతే కొట్టలేదని ఏడ్చేదానివి. నీ కోపం దాని మీదేనా? ఇంకెవరి మీదైనానా?"

బొమ్మ సంగతి ఆవిడకు నేనేమీ చెప్పలేదు. అయినా ఆవిడ అలా అడగగానే చేతిలో గరిట కింద పెట్టాను.

బుధవారం ఉదయం మళ్ళీ ఆ పరిశోధకురాలి మెయిలు. ఈసారి నాకు ఒక్కదానికే. శుక్రవారం ఆవిడ వ్యాసం పత్రికకు వెళ్తుందట. "మీకు ఆసక్తి ఉంటుందేమోనని చెప్తున్నాను. ఆ ఏడాది ఆరో నెలలో పట్టణంలోకి కుళాయి నీళ్ళు వచ్చాయి. అన్ని వాడల్లోనూ చావులు తగ్గాయి. రేవు వాడలో మాత్రం పెరిగాయి, ముప్పై ఎనిమిది నుంచి ఎనభై ఎనిమిదికి. అంటే రేవు వాడకు ఆ నీళ్ళు చేరలేదు, లేదా చెడు నీళ్ళు చేరాయి. నా వ్యాసంలో నాలుగో భాగమంతా ఈ ఒక్క అంకె మీద నిలబడింది. మీ వల్లే అది సాధ్యమైంది."

మూడుసార్లు చదివాను.

చీటీ రాసి బీరువా బాబాయికి ఇచ్చాను. ఆయన చదివి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు. "ఇప్పుడు కావాలా?"

"ఇప్పుడు కావాలి బాబాయ్."

"నా మోకాళ్ళు మళ్ళీ చచ్చాయి" అని నిచ్చెన ఎక్కాడు.

పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. వెన్ను బిగువుగా ఉంది, తెరిస్తే కిర్రుమంది. రెండు చేతులతో మెల్లగా పట్టి పద్నాలుగో పట్టిక తీశాను. భూతద్దం అక్కర్లేకపోయింది. చిన్న అచ్చు, కానీ శుభ్రమైన అచ్చు. రేవు వాడ, ఏడో నెల: ముప్పై మూడు. మూడుకు ఎడమ పక్క ఖాళీ చక్కగా కనిపిస్తోంది. ఆరో నెల ముప్పై ఎనిమిది. కుట్టు లోపలికి వంగి మొత్తం చూశాను: రెండు వందల పద్నాలుగు. మిగతా పదకొండు నెలలూ కాగితం మీద కూడాను. నూట ఎనభై ఒకటి. దానికి ముప్పై మూడు కలిపితే సరిగ్గా సరిపోయింది.

రేవు వాడలో చావులు పెరగలేదు. తగ్గాయి. యాభై ఐదు మందిని నేను చంపాను, ఒక్క మీట నొక్కి.

చాలాసేపు ఆ పేజీ ముందే కూర్చున్నాను. మంచి ఆలోచనలు మాత్రమే వచ్చాయని చెప్పను. ఈ పుస్తకం మళ్ళీ పైఅరకు వెళ్ళిపోతే ఇంకో పదేళ్ళ వరకు ఎవరూ అడగరని కూడా అనుకున్నాను. శుక్రవారం దాటితే చాలని అనుకున్నాను. కానీ ఆ పరిశోధకురాలు "మీ వల్లే" అని రాసింది. నిజమే, నా వల్లే. ఆ మాట ఎటు తిప్పినా గుచ్చుకుంటోంది.

మళ్ళీ తియ్యాలంటే పాత మిషను మీద లాభం లేదు. కుట్టు దగ్గర మళ్ళీ నీడే వస్తుంది. కెమెరా గది కావాలి. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో వాళ్ళనే అడగాలి. సారుకు చెప్పడంకంటే అదే నాకు కష్టమనిపించింది.

పుస్తకం రెండు చేతులతో పట్టుకుని వెళ్ళి కెమెరా గది తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఈ పేజీ తియ్యాలి" అన్నాను.

అది పుస్తకం పేరు చూసింది, నన్ను చూసింది. తలుపు వారగా వేసింది. "నాకు తెలుసక్కా. నిన్న పెద్దది చేసి చూశాను. అంకెల అంచుల చుట్టూ తెల్లటి గీత వచ్చింది. పదును ఎక్కువ పెడితేనే అలా వస్తుంది."

"తెలిసి ఎందుకు ఊరుకున్నావ్? సారుకు చెప్పి ఉంటే గది నీదైపోయేదిగా?"

"మీరే చెప్తారనుకున్నాను."

ఒళ్ళంతా భగ్గుమంది. కెమెరా తనకే తెలుసు, సారు పిలిచేది తననే, ఇప్పుడు మంచితనంలో కూడా నాకంటే ముందే ఉంది. చివరికి నాకు అది కూడా మిగల్చలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"సరే, తియ్యి" అన్నాను.

దీపాలు వేసింది. పుస్తకాన్ని ఊయలలో పెట్టి, పేజీని సమంగా అదిమే పైఅద్దం దించబోయింది.

"ఆగు! వెన్ను విరుగుతుంది" అన్నాను. "ఇది బిగువు కుట్టు. అంత వెడల్పుగా తెరవకు. ఊయల రెక్కలు దగ్గరికి జరుపు. ఎడమ అట్ట కింద మెత్త పెట్టు. ఒక్క వైపు పేజీయే తియ్యి."

"అలా చేస్తే అద్దం సమంగా ఆనదేమో అక్కా."

"ఆనుతుంది. మెల్లగా దించు. నీ చున్నీ పేజీకి తగులుతోంది, వెనక్కి వేసుకో."

వేసుకుంది. నాలుగుసార్లు సర్దాక కుదిరింది. తెర మీద బొమ్మ వచ్చింది. రేవు వాడ వరుస మొదటినుంచి చివరిదాకా, మొత్తంతో సహా, పట్టిక కింద ఉన్న చిన్న గమనికతో సహా. కాగితం పీచు కూడా కనిపిస్తోంది. నాది పక్కన తెరిచింది. తెరవొద్దని నా నోటిదాకా వచ్చింది. మూడు రోజులుగా నేను భయపడింది ఆ దృశ్యానికే. నేను ఊహించినదానికంటే ఘోరంగా ఉంది.

నా చోటికి వచ్చి మెయిలు నేనే రాశాను. "సోమవారం మీకు పంపినది కొత్త స్కాన్ కాదు. పాత చిన్న ఫైలునే నేను పెద్దది చేసి, పదును పెట్టి పంపాను. అలా చేయడంవల్ల అంకె మారిపోయింది. రేవు వాడ ఏడో నెల అంకె ఎనభై ఎనిమిది కాదు, ముప్పై మూడు. ఈ రోజు అసలు పుస్తకంనుంచి తీసిన బొమ్మ జతచేస్తున్నాను. వరుస కూడి మొత్తంతో సరిచూసుకోవచ్చు. పాతది దయచేసి వాడకండి. తప్పు నాది." సారుకు కాపీ పెట్టాను. ఆ గడిలో సారు పేరు కొట్టడానికే ఎక్కువసేపు పట్టింది.

సారు పావుగంటలో పిలిచారు. అరవలేదు. "ఎందుకు చేశారు?" అన్నారు.

"చీటీ రాస్తే కెమెరా గదికి వెళ్తుంది కదండీ."

ఆయనకు అర్థమైంది. "ఇలాంటివి ఇంకెన్ని పంపారు?"

"ఇదొక్కటే సార్."

"ఒక్కటేనని మీరు అంటే నిన్నటిదాకా నమ్మేవాణ్ణి."

పరిశోధకురాలు గురువారం జవాబు రాసింది. నాలుగో భాగం తీసేస్తోందట, పత్రికవాళ్ళను రెండు వారాలు గడువు అడిగిందట. "చెప్పినందుకు సంతోషం. ఇంకా ముందే చెప్పి ఉంటే బాగుండేది." ఈసారి ధన్యవాదాలు ఏమీ లేవు.

శుక్రవారం కెమెరా అమ్మాయి పేరు పైకి వెళ్ళింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. మెయిళ్ళు ఇకనుంచి ఇద్దరం చూడాలన్నారు. నేను ఇన్నేళ్ళలో చేసిన ఫైళ్ళన్నీ ఒకసారి సరిచూసి, మళ్ళీ తియ్యాల్సినవి ఏవో రాసి ఇమ్మని ఆ పనీ దానికే అప్పగించారు.

ఇంట్లో అత్తగారు విని ఈసారి నవ్వలేదు. "ఇప్పుడేం చేస్తావ్?" అన్నారు.

"ఏం చేస్తాను? వెళ్తాను. దాని పక్క బల్లే నాది."

సోమవారంనుంచి అది నా ఫైళ్ళు తెరవడం మొదలుపెట్టింది. పక్కనుంచి మౌసు చప్పుడు వినిపిస్తూనే ఉంది. టిక్కుమంటే ఒక పేజీ. చప్పుడు ఆగిందంటే ఏదో దొరికిందన్నమాట. అప్పుడు పెన్ను గీసుకునే చప్పుడు వస్తుంది. ఆగినప్పుడల్లా నేను లెక్కపెట్టుకుంటున్నాను. ఆ పూట పెన్ను పంతొమ్మిదిసార్లు గీసింది.

ఇరవయ్యోసారి ఆగింది. పెన్ను చప్పుడు రాలేదు.

"అక్కా, ఇది ఎంత బాగా వచ్చిందో! ఇంత నలిగిన కాగితం ఆ మిషను మీద ఎలా తీశారు? నాకు రాదు ఇలా."

అది నన్ను మెచ్చుకుంటుందా! నా ఆఫీసులో, నా ఫైలు తెరిచి, నాకే మార్కులు వేస్తుందా! ఒళ్ళు మండింది. అటు తిరగకూడదనుకున్నాను.

తర్వాత కుర్చీ దాని వైపు జరిపి, "ఏ పేజీ?" అన్నాను.